గేటు దాటాక ఎడమకి

పుణ్యవతి ఫోనుకి ఆ ఫోటో మూడూ పదికి వచ్చింది. అడ్డంగా వచ్చింది. ఫోను తిప్పితే ఫోటో కూడా తిరిగింది, మళ్ళీ అడ్డంగానే నిలబడింది. చివరికి కంప్యూటర్లోకి ఎక్కించి, సరిగ్గా తిప్పి, ఒక కాగితం మీద ప్రింటు తీసుకుంది. అప్పటికి బండి బరంపురం దాటేసింది.

బండి అంటే శవాన్ని ఇంటికి చేర్చే తెల్ల వ్యాను. పెద్దాసుపత్రి వెనక సందులో రెండు గదుల ఆఫీసు, మూడు వ్యాన్లు, ముగ్గురు డ్రైవర్లు. బల్ల దగ్గర పుణ్యవతి. గిరిసోల పక్క పల్లెలో కూలివాళ్ళ ఇంట పుట్టి, పెళ్ళయ్యాక గేట్ బజార్ వెనక ఇంటికి వచ్చిన మనిషి. నలభై ఏడేళ్ళు. తొమ్మిదేళ్ళుగా ఇదే బల్ల. ఫోను చేసినవాళ్ళను ఎవరు పోయారని అడగదు, ఎలా పోయారని అసలే అడగదు. ఏ ఊరు, రోడ్డు ఎంతవరకు ఉంది, వ్యాను తిరగడానికి చోటుందా, అంతే అడుగుతుంది. వచ్చిన కొత్తలో ఏడుపులు వినబడితే తనకీ ఏడుపొచ్చేసేది. ఇప్పుడు ఏడుపు మధ్యలో ఊరిపేరు ఎక్కడ వినబడుతుందా అని చెవి పెడుతుంది.

ఆ రోజు వ్యానులో ఉన్నది లక్ష్ముడు. ముప్పై ఆరేళ్ళు. పారాదీప్‌లో పడవ మీద పనిచేసేవాడు. అక్కడే జ్వరం పట్టుకుంది. ఊరికి వచ్చేద్దామని రైలెక్కాడు. దారిలోనే ముదిరిపోతే, వెంట ఉన్న సోములు బరంపురంలో దింపి ఆసుపత్రిలో పెట్టాడు. తెల్లారకుండానే పోయాడు. కాగితాలు చేతికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర. సోములుది ఇచ్ఛాపురం అవతల. పడవలో స్నేహమే తప్ప లక్ష్ముడి ఊరు ఎన్నడూ చూడలేదు. వ్యానులో ముందుసీట్లో కూర్చున్నది అతనే. అంటే దారి తెలిసిన మనిషి వ్యానులో ఒక్కడూ లేడు, పడుకున్నవాడు తప్ప.

లక్ష్ముడి ఊరు ముసలయ్యపేట. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి పైన, పొడంపేట వైపు, ఎవరూ పేరు వినని చిన్న పల్లె. పాత ఊరిని సముద్రం కొంచెం కొంచెంగా తినేసింది. మిగిలినవాళ్ళకి లోపలికి ఒక కాలనీ కట్టారు. ఫోనులో ఊరిపేరు కొడితే గుర్తు వెళ్ళి ఇప్పటికీ పాత ఊరి మీదే పడుతుంది, అంటే నీళ్ళలో. కాలనీలో ఫోను సిగ్నలు కూడా నిలకడగా ఉండదు. అందుకని లక్ష్ముడి బావ ప్రకాష్ ఒక పని చేశాడు. తుపాను షెల్టర్లో గోడకి తగిలించిన పటం ఉంది. తుపాను వస్తే ఎవరు ఏ దారిన షెల్టరుకి రావాలో చూపించే పటం, అద్దం బిగించి ఉంటుంది. ఆ అద్దం మీద కూతురి గోళ్ళ రంగుతో హైవే నుంచి కాలనీ దాకా ఎర్ర గీత గీసి, ఫోటో తీసి పంపాడు.

దానితో పాటు గొంతు రికార్డు చేసి పంపాడు. వెనక గాలి హోరు.

"అక్కా, ఆ ఎర్రగీతే దారి. హైవే మీద ఉప్పు గొడౌను కాడ సముద్రం వైపు తిప్పమని సెప్పు. తరవాత గేటు వత్తాది. గేటు దాటాక ఎడమకి. తిన్నగా మా కాలనీకే. పొద్దు గూకకుండా వచ్చీమను. మా అత్త సూడాలి కదా. పొద్దు గూకితే మా పెద్దలు నిప్పు పెట్టనీరు."

పుణ్యవతి గడియారం చూసింది. అవి డిసెంబరు మొదటి రోజులు. ఐదూ పదికల్లా సూర్యుడు దిగిపోతాడు. వ్యాను ఐదింటికి ముందు చేరితే మంటకి వేళ ఉంటుంది. లేకపోతే శవం రాత్రంతా ఉండాలి, చనిపోయి అప్పటికే పన్నెండు గంటలు.

ప్రకాష్‌కి తిరిగి ఫోను చేసింది. మూడోసారికి కలిసింది.

"నానే బండేసుకుని హైవే కాడికి వచ్చీనా అక్కా?" అన్నాడు. "కట్టెల కాడ మనుషులు సాల్నేదు గానీ, వచ్చెత్తాను."

"అక్కర్లేదు బాబూ. ఫోటో ఉంది కదా, నేను సెప్పుకుంటాను. నువ్వు అక్కడి పని సూసుకో."

ఆ మాట ఆమె రోజూ అనేదే. ఎప్పుడూ పని జరిగిపోయింది.

ప్రింటు ముందు పెట్టుకుని చూసింది. పటం అచ్చువేసిందే, కానీ కింది మూల కిటికీ వెలుగు అద్దం మీద పడి తెల్లగా మెరుస్తోంది. కిలోమీటరుకి ఎంత అని చెప్పే కొలత పట్టీ ఆ మెరుపు కింద ఉంది. ఏ గీత రోడ్డు, ఏ గీత గట్టు అని చెప్పే వివరమూ ఆ మూలే. ఉత్తరం ఎటో చూపే బాణం ఫోటోలోకి రానే లేదు. ఎర్రగీత వేలంత లావు. దాని కింద పక్కపక్కనే రెండు మూడు సన్న గీతలు కలిసిపోయాయి. ఒకచోట ఎర్రగీతకి అడ్డంగా రెండు చిన్న గీతలు. అదే గేటు.

దిక్కు పట్టుకోవడం కష్టం కాలేదు. ఒక పక్క నది, దాని మీద హైవే వంతెన. ఎదుటి అంచున సముద్రం. బరంపురం నుంచి వెళ్ళేవాడికి సముద్రం కుడి చేతి వైపు ఉంటుంది. కాబట్టి గొడౌను దగ్గర కుడికి, గేటు దాటాక ఎడమకి. కొలత ఒక్కటే లేదు. అదీ ఆమెకి కొత్త కాదు. తెలిసిన దూరం ఒకటి దొరికితే చాలు.

దిలీప్‌కి ఫోను చేసింది. వ్యాను నడుపుతున్నది అతనే. ఒడియా మనిషి, నలభై దాటినవాడు. తెలుగు బాగానే వచ్చు, ఆమెని మాత్రం ఒడియాలో అపా అనే పిలుస్తాడు, అంటే అక్క.

"దిలీప్, నది వంతెన దాటగానే మీటరు సూసుకో. గొడౌను టర్నింగు కాడ మళ్ళీ సూడు. ఎంతో నాకు సెప్పు."

"హఁ అపా. మీరు పరీక్ష పెడతారు, నేను పాసవుతాను."

మూడూ యాభై ఎనిమిదికి చెప్పాడు. "ఐదు పాయింటు రెండు కిలోమీటర్లు అపా. టర్నింగు కాడ ఆపాను. గొడౌను గోడకి గుట్కా ప్రకటన, పక్కన టీ బడ్డీ. ఇదేనా?"

"అదే."

ఒక కాగితం ముక్క అంచుని వంతెన నుంచి గొడౌను దాకా హైవే మీద ఆనించి రెండు గుర్తులు పెట్టింది. స్కేలుతో కొలిస్తే ఐదు సెంటీమీటర్లకి కాస్త ఎక్కువ. అంటే సెంటీమీటరుకి ఒక కిలోమీటరు. అదే కాగితాన్ని ఎర్రగీత మీద పెట్టి టర్నింగు నుంచి అడ్డగీతల దాకా కొలిచింది. ఒకటింపావుకి కొంచెం తక్కువ.

"కుడికి తిరుగు. కిలోమీటరుమీద రెండు వందలు ఎల్లేక గేటు ఉంటాది. దాటి ఎడమకి."

"ఏ గేటు అపా?"

"గేటే. కనబడతాది."

గేట్ బజార్ దగ్గర ఇరవై ఐదేళ్ళుగా కాపురం ఉన్న మనిషికి గేటు అంటే, రైలు గేటులా, రోడ్డుకి అడ్డంగా పడి బళ్ళని ఆపేది. ఇంకోరకం గేటు ఉంటుందని ఆమెకి తోచలేదు.

నాలుగూ ఎనిమిదికి దిలీప్ ఉత్సాహంగా ఫోను చేశాడు. "వహ్ అపా! మీటరు ఒకటి పాయింటు రెండు చూపిస్తోంది, ఎదురుగా ఇనప గేటు! ఉప్పు యార్డు గేటు. తెరిచే ఉంది. దాటగానే ఎడమకి ఒక బాట. మీరు ఢిల్లీలో ఉండాల్సినవాళ్ళు."

"ఎల్లు, మాటలొద్దు."

ఫోను పెట్టేసి పొద్దున తెచ్చుకున్న టిఫిను డబ్బా తెరిచింది. అన్నం చల్లబడి గట్టిపడింది. కలిపి తిన్నది. దూరం కలిసింది, గేటు కలిసింది, ఎడమకి దారి కలిసింది. మూడూ కలిసినచోట అనుమానించే అలవాటు ఎవరికి ఉంటుంది?

నాలుగూ ఇరవై ఆరుకి ఫోను మోగింది. ఈసారి దిలీప్ గొంతులో నవ్వు లేదు.

"అపా, ఇది రోడ్డు కాదు. ఉప్పు మళ్ళ మధ్య గట్టు. రెండు పక్కలా నీళ్ళు. ఎడమ వెనక చక్రం దిగిపోయింది."

"ముందర ఊరు కనబడతందా?"

"ముందర నీళ్ళు కనబడతన్నాయి."

వెనక నుంచి సోములు అరుస్తున్నాడు. "సముద్రంలోకి తోలెత్తావేటి బాబూ! ఆడు పడవ మీద బతికినోడే, బండి మీద ముంచకండి!"

"నువ్వు దిగి నెట్టవయ్యా ముందు," అన్నాడు దిలీప్.

పుణ్యవతి ప్రింటు వంక చూసింది. ఎర్రగీత గేటు నుంచి ఎడమకి తిరిగి సాఫీగా కాలనీకి వెళుతోంది. కాగితం మీద నీళ్ళు లేవు. ఎర్రరంగు లావు కింద ఏముందో కనబడటం లేదు.

ప్రకాష్‌కి చేసింది. కలవలేదు. మళ్ళీ చేసింది. నాలుగోసారికి కలిసింది.

"అక్కా, వచ్చీసినారా? కట్టెలు పేర్చేసినాం. మా అత్త రోడ్డు మీదకొచ్చి కూకుంది."

"ప్రకాష్, గేటు ఏటి? గేటు ఎలాగుంటాది సెప్పు."

"గేటు ఏటక్కా, గేటే."

"రోడ్డుకి అడ్డంగా ఉంటాదా?"

"రోడ్డుకి ఎందుకుంటాది? నీళ్ళకి ఉంటాది. పాయ కాడ నీళ్ళొదిలే గేటు. ఇనప పలక, పైన తిప్పే సక్రం. మేం దాన్నే గేటంటాం."

పుణ్యవతి ప్రింటు మీది అడ్డగీతల మీద వేలు పెట్టింది.

"మావోళ్ళు ఉప్పు యార్డు గేటు కాడ తిరిగేసినారు," అంది.

"ఓలమ్మో. అది కంపెనీ గేటక్కా. దాన్ని మేం యార్డంటాం. అక్కడ తిరిగితే గట్టే, ఊరు రాదు. మొన్న వానకి ఆ గట్టు నానిపోయుంది."

"మరి మీ గేటు టర్నింగుకి ఒకటిన్నర కిలోమీటరు లోపే కదా. పటంలో అంతే ఉంది."

"నడిసేవోళ్ళం, కిలోమీటర్లు నాకేటి తెలుసక్కా. యార్డు దాటి ఇంకా చానా ఎల్లాలి."

"ఫోటో ఎలాగ తీసినావు? పటానికి ఎదురుగా నిలబడినావా?"

"ఎదురుగా నిలబడితే అద్దంలో నానే కనబడతన్నాను. కిటికీ ఎలుతురు. అందుకని ఈ పక్కకొచ్చి, పటంలో హైవే ఉన్న పక్క గోడకి ఆనుకుని తీసినాను."

పుణ్యవతి ప్రింటుని వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. పటం చుట్టూ చెక్క చట్రం. హైవే వైపు అంచు పొడుగ్గా ఉంది. సముద్రం వైపు అంచు అందులో సగం కూడా లేదు. అది మూడూ పది నుంచీ కళ్ళ ముందే ఉంది. నాలుగు మూలలూ సమంగా ఉండాల్సిన చట్రం ఒక పక్కకి కుంచించుకుపోయిందంటే, ఆ పక్కకి పోయేకొద్దీ దూరాలూ కుంచించుకుపోయినట్టే. ఫోనుకి దగ్గరగా ఉన్న హైవే మీద కొలత పట్టి, దూరంగా పోయే దారి మీద పెట్టింది. అక్కడ సెంటీమీటరు అంటే కిలోమీటరు కాదు, దానికి రెట్టింపు కూడా కావచ్చు. ఆమె తప్పు లెక్కకి తగ్గట్టు, సరిగ్గా ఆ దూరంలో, ఎవరో ఒక ఇనప గేటు కట్టి ఉంచారు.

"నువ్వు బండి తీసుకుని మీ గేటు కాడికి వచ్చి నిలబడు," అంది. "ఇప్పుడే. కట్టెలు ఇంకోడు సూసుకుంటాడు."

"వత్తన్నానక్కా."

ఈ మాట మూడూ పదికి అనాల్సింది. అతను అడిగాడు కూడా.

దిలీప్‌కి చెప్పింది. "వెనక్కి రా. గేటంటే అది కాదు. యార్డు దాటి తిన్నగా, పాయ మీద ఇనప పలక, దాని మీద సక్రం. ప్రకాష్ అక్కడ నిలబడతాడు."

"ఎంత దూరం అపా?"

"తెలీదు. దూరం సెప్పను. సక్రం కనబడేదాకా ఎల్లు. మనిషి కనబడేదాకా ఎల్లు."

"ముందు నా చక్రం పైకి రావాలి కదా."

ఉప్పు యార్డులో పనిచేసే ఆడవాళ్ళు ఏడుగురు బస్తాల కింద వేసే చెక్కలు తెచ్చి చక్రం కింద తోశారు. లోపల ఎవరున్నారో వాళ్ళు అడిగారని, సోములు చెప్పాడని, అప్పుడు ఇంకా గట్టిగా నెట్టారని దిలీప్ తరవాత చెప్పాడు. ఇరుకు గట్టు మీద తిప్పడానికి చోటు లేదు. అద్దంలో చూసుకుంటూ వెనక్కే నడిపాడు. సోములు వెనక నడుస్తూ, "కుడి కుడి కుడి, ఆపు, ఓరి ఆపమంటే" అని అరుస్తూ వచ్చాడు. యార్డు గేటు దగ్గరికి వచ్చేసరికి ఐదైంది.

ఆ ఇరవై నిమిషాల్లో పుణ్యవతి చేయగలిగింది ఏమీ లేదు. బల్ల మీద అన్నం మెతుకు ఒకటి ఎండిపోయి అంటుకుంది. గోటితో గీకింది. మధ్యలో ఇంకో ఫోను వచ్చింది, పాత్రపురం వైపు, రేపు పొద్దున వ్యాను కావాలట. ఊరు, రోడ్డు, తిరగడానికి చోటు. రాసుకుంది. తన గొంతు ఎప్పటిలాగే ఉంది. దానికే కొంచెం ఆశ్చర్యపోయింది. తప్పు చేసినట్టు తెలుస్తోంది. బాధ మాత్రం ఇంకా ఎక్కడో దారిలోనే ఉన్నట్టుంది, ఆమె దాకా రాలేదు.

ఐదూ పదికి కిటికీ అవతల ఆసుపత్రి గోడ మీది ఎండ పోయింది. ఐదూ ఇరవై మూడుకి దిలీప్ ఫోను.

"చేరాం అపా."

"ఏటన్నారు?"

"ఏమీ అనలేదు. పెద్దాయన ఒకాయన ఆకాశం వైపు చూశాడు. తరవాత అందరూ చూశారు."

వెనక ఏడుపు మొదలైంది. ఒక్కటే గొంతు, ముసలి గొంతు. అది లక్ష్ముడి తల్లి అసిరమ్మదని పుణ్యవతికి ఎవరూ చెప్పక్కర్లేదు. "ఏల ఆలస్యం సేసినావురా నాయినా, మజ్జాన్నం బయలెల్లినోడివి," అంటోంది. కొడుకునే అడుగుతోంది. పుణ్యవతి ఫోను చెవికి పెట్టుకునే ఉంది. పెట్టేయవచ్చు. పెట్టేయలేదు.

కాసేపటికి ప్రకాష్ ఫోను తీసుకున్నాడు.

"నిప్పు పెట్టనీరటక్కా. రేపు పొద్దునే."

"ఎక్కడ ఉంచుతారు?"

"ఊర్లోకి తేకూడదంటన్నారు. షెల్టర్లో ఉంచుతాం. అక్కడ గచ్చు సల్లగుంటాది. మా అత్త పక్కన కూకుంటాదంట, ఒద్దన్నా ఇనదు."

"అయిసు దొరుకుతాదా?"

"సేపలోళ్ళకి అయిసు నేకపోతే ఎలాగక్కా. ఉంది. సేపలకని తెచ్చిందే."

"ప్రకాష్, నువ్వు వత్తానన్నావు. నేనే వద్దన్నాను."

"నానూ గేటంటే గేటనే అన్నాను కదక్కా," అన్నాడు. "పోన్లెండి." అని పెట్టేశాడు.

ఇంటికి వెళ్ళేసరికి భర్త నాగేంద్రప్రసాద్ బట్టలకొట్టు నుంచి వచ్చి టీ పెట్టుకుంటున్నాడు. "ఏటలాగున్నావు?" అన్నాడు. "ఏటీ నేదు," అంది. నిజంగానే ఏమీ లేనట్టు ఉంది. చేతులు కడుక్కుంటుంటే చూపుడు వేలికి ఎర్రగా ఏదో అంటింది. ప్రింటులోని గీత, సిరా తడి ఆరకముందు వేలు పెట్టి ఉంటుంది. సబ్బుతో రెండుసార్లు రుద్దింది. గోరు అంచున కొంచెం మిగిలింది.

మర్నాడు దిలీప్ పొద్దున్నే వచ్చాడు. బండికి అంటిన ఉప్పుబురద కడుగుతూ చెప్పాడు. రాత్రి వాళ్ళు వెళ్ళనివ్వలేదు, అన్నం పెట్టి షెల్టరు వరండాలో పడుకోమన్నారు. లోపల లక్ష్ముడిని గోడవారన పడుకోబెట్టారు. పైన అదే పటం, అద్దం మీద గోళ్ళరంగు గీత అలాగే ఉంది. అసిరమ్మ దాని కిందే కూర్చుంది. తెల్లవారుజామున ఒకసారి పైకి చూసి, ఇదేటి ఈ ఎర్రగీత అని అడిగింది. దారి అని సోములు చెప్పాడు. ఆరూ పదిహేనుకి నిప్పు పెట్టారు.

"గీత తుడిసీసినారా?" అంది పుణ్యవతి.

"తుడవలేదు అపా. నేనే వద్దన్నాను. మళ్ళీ ఎవరైనా వెళ్ళాల్సి రావచ్చు."

పుణ్యవతి నిన్నటి ప్రింటు బయటికి తీసింది. అడ్డగీతల పక్కన పెన్నుతో "నీళ్ళ గేటు, చక్రం" అని రాసింది. ఇనప గేటు ఉండాల్సిన చోట "యార్డు, తిరగకూడదు" అని రాసింది.

"వచ్చేటప్పుడు మీటరు సూసినావా?"

దిలీప్ బకెట్టు పక్కన పెట్టి జేబులోంచి సిగరెట్టు పెట్టె అట్టముక్క తీశాడు. దాని మీద రాసుకొచ్చాడు.

ఫోను మోగింది. పాత్రపురం వాళ్ళు, వ్యాను బయలుదేరిందా అని. చెరువు దాటాక గుడి, గుడి దగ్గర కుడికి అన్నాడు అవతలి మనిషి.

"ఆ ఊరికి ఎన్ని గుళ్ళు ఉన్నాయి బాబూ?" అంది పుణ్యవతి. "మీలో ఎవరైనా బండి మీద మెయిన్ రోడ్డు కాడికి రాగలరా?"

వస్తామన్నారు. ఆమె ఫోను పెట్టి, అట్టముక్క అందుకుని, ప్రింటు మీద ఎర్రగీత పక్కన అంకె వేసింది. టర్నింగు నుంచి నీళ్ళ గేటుకి 2.6.